మా అబ్బాయి వచ్చేస్తున్నాడు, ఇల్లు కావాలి

“మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడండీ, ఇల్లు మాకే కావాలి.” ఇంటి ఓనర్లు ఈ మాటను ఎక్కువగా మెట్ల మీద ఎదురుపడ్డప్పుడు, ఏదో గుర్తొచ్చినట్టు చెబుతారు. “అయ్యో, అలాగే అంకుల్, చూసుకుంటాం” అని అద్దెకున్నవాళ్లూ అంతే తేలిగ్గా అంటారు. రెండు నెలలు గడిచాక చూస్తే అబ్బాయి సామాను కంటైనర్ ఓడ దిగి ఉంటుంది, పై అంతస్తు మాత్రం ఖాళీ అయి ఉండదు. “ఎప్పటిలోగా అని మీరు చెప్పలేదు కదా” అని వాళ్లు, “చెప్పాను కదా” అని వీళ్లు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. లేనిదల్లా ఒక కాగితం.

ఆ కాగితంలో ఏముండాలో, అది చేతికందాక ఏం జరుగుతుందో తెలియడానికి ఒక ఇంటిని ఊహించుకుందాం. హైదరాబాద్ కాప్రాలో రెండంతస్తుల ఇల్లు. కింద రిటైరైన దంపతులు ఉంటారు, ఇల్లు భార్య పేరు మీద ఉంది. పైన ప్రైవేటు ఉద్యోగి, భార్య, ఆరో తరగతి చదివే పాప. అద్దె నెలకు 18,000, అడ్వాన్సు 36,000. 2023 జూన్ 1 నుంచి 2024 ఏప్రిల్ 30 వరకు పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకున్నారు. గడువు తీరాక మళ్లీ రాసుకోవాలని ఎవరికీ తోచలేదు. ప్రతి నెలా ఐదో తేదీలోపు అద్దె ఓనరమ్మ బ్యాంకు ఖాతాలో పడుతూనే ఉంది. ఇప్పుడు డల్లాస్‌లో ఉన్న కొడుకు భార్యాబిడ్డలతో తిరిగి వస్తున్నాడు. జూన్‌లో బడులు తెరిచేలోగా ఇక్కడ కుదురుకోవాలి.

ఇలాంటి రాక ఒక్కోసారి ముందు తెలిసి జరిగేది కాదు. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకో కొలువో మరో దారో చూసుకోవడానికి అక్కడ దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ వార్త ఇక్కడి తల్లిదండ్రులకు చేరేసరికి అందులో కొన్ని రోజులు గడిచిపోయే ఉంటాయి. అందుకే ఓనర్లు తొందరపడతారు. ఆ తొందరలోనే ఉత్తరం పాడవుతుంది.

ముందు ఒక ప్రశ్న తేల్చుకోవాలి. రెండేళ్ల కిందటే ముగిసిపోయిన అగ్రిమెంటుతో పై అంతస్తు కుటుంబం ఇంకా ఏ హక్కుతో ఉంటోంది? మన పట్టణాల్లో అగ్రిమెంట్లు పదకొండు నెలలకే ఎందుకుంటాయో తెలిస్తే దీనికి జవాబు దొరుకుతుంది. ఏడాది మించిన అద్దె ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. ఆ ఖర్చూ ఆ తిరుగుడూ లేకుండా ఒక నెల తగ్గించి రాసుకోవడం అలవాటైపోయింది. గడువు తీరాక కూడా అద్దెకున్నవాళ్లు ఉంటూ, ఓనరు అద్దె తీసుకుంటూ ఉంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఆ అద్దెను నెలవారీ అద్దెగా లెక్కేస్తుంది. అంటే కాప్రా కుటుంబం చట్టం దృష్టిలో దొంగచాటుగా ఉంటున్నదేమీ కాదు. నెలనెలా కొనసాగే అద్దెదారు. ఆ కొనసాగింపును ఆపాలంటే ఇద్దరిలో ఎవరో ఒకరు నోటీసు ఇవ్వాలి.

ఎన్నాళ్ల నోటీసు? అదే చట్టంలోని సెక్షన్ 106 ప్రకారం పదిహేను రోజులు. ఇది ఇద్దరికీ వర్తించే లెక్కే, అద్దెకున్నవారు వెళ్లిపోవాలనుకున్నా అంతే. కాకపోతే అగ్రిమెంటులో వేరే గడువు రాసుకుని ఉంటే ముందుగా చూడాల్సింది దాన్నే. చాలా అగ్రిమెంట్లలో ఒక నెల అనో రెండు నెలలు అనో ఒక వాక్యం ఉంటుంది. స్టాంపు పేపరు మీద డీటీపీ షాపువాడు కొట్టిచ్చిందే కదా అని దాన్ని ఎవరూ చదవరు. ఉత్తరం రాసేముందు బీరువాలోంచి ఆ కాగితం తీసి చూడటం మొదటి పని. ఒప్పందం పదకొండు నెలల గడువు ఇంకా నడుస్తుంటే, మధ్యలో ఆపే వెసులుబాటు అందులో రాసి లేకపోతే, పదిహేను రోజుల సూత్రం పట్టుకుని ఖాళీ చేయమనడం కుదరదు. కొడుకు వస్తున్నా సరే.

పదిహేను రోజులు ఎప్పటినుంచి లెక్కపెట్టాలి? ఉత్తరం మీద రాసిన తేదీ నుంచి కాదు, అవతలివారికి అందిన రోజు నుంచి. ఒకప్పుడు ఇంతకంటే పెద్ద చిక్కు ఉండేది. నోటీసు గడువు సరిగ్గా అద్దె నెల చివరి రోజుతోనే ముగియాలి. ఒక రోజు అటూ ఇటూ అయినా ఏళ్ల తరబడి నడిచిన కేసు ఆ ఒక్క కారణంతో కొట్టుకుపోయేది. 2002 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఆ నియమాన్ని తీసేసింది. గడువు రెండు మూడు రోజులు తక్కువగా రాసినా, పదిహేను రోజులు నిండాకే కోర్టుకు వెళ్తే నోటీసు చెల్లుతుందని కూడా చేర్చింది. అయినా నెలాఖరు తేదీ పెట్టడమే మంచిది. అద్దె లెక్క, కరెంటు బిల్లు లెక్క తెగ్గొట్టినట్టు ఉంటాయి.

చట్టం పదిహేను రోజులంది కదా అని అంతే ఇవ్వడం మాత్రం నా దృష్టిలో తెలివైన పని కాదు. పిల్లల చదువుతో ఒక కుటుంబం ఇల్లు వెతుక్కుని, అక్కడ అడ్వాన్సు కట్టి, మంచిరోజు చూసుకుని పాలు పొంగించుకోవాలంటే పదిహేను రోజులు చాలవు. చాలనప్పుడు వాళ్లు కదలరు. కదలకపోతే ఓనరుకు మిగిలేది కోర్టు, అక్కడ నెలలు కాదు, ఏళ్లు. రెండు నెలలు ఇస్తే రెండు నెలల్లో ఇల్లు చేతికొచ్చే అవకాశం ఎక్కువ. పరీక్షలు అయిపోయి వేసవి సెలవుల్లో మారేలా, ఆషాఢం మొదలవకముందే ముగిసేలా తేదీ పెడితే ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. మనవాళ్లు ఆషాఢంలోనూ అధికమాసంలోనూ కొత్త ఇంట్లో కాలు పెట్టడానికి ఇష్టపడరని చట్టానికి తెలియదు గానీ ఓనరుకు తెలుసు.

ఇక ఉత్తరం. కాప్రా ఓనరమ్మ ఇలా రాయవచ్చు.

తేదీ: 30 మార్చి 2026

గౌరవనీయులైన ... గారికి,

కాప్రాలోని మా ఇంటి (ఇంటి నంబరు ...) మొదటి అంతస్తులో మీరు నెలకు 18,000 రూపాయల అద్దెకు ఉంటున్నారు. మన అగ్రిమెంటు గడువు 30 ఏప్రిల్ 2024తో ముగిసింది. అప్పటినుంచి నెలవారీ అద్దె మీద కొనసాగుతున్నారు.

అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి కుటుంబంతో సహా జూన్‌లో తిరిగి వస్తున్నాడు. వాళ్ల నివాసానికి ఈ పోర్షను మాకు అవసరం. కాబట్టి మీ నెలవారీ అద్దెను 31 మే 2026తో ముగిస్తున్నాను. ఆ రోజు సాయంత్రానికి ఇల్లు ఖాళీ చేసి తాళాలు నాకు అప్పగించగలరు.

ఏప్రిల్, మే నెలల అద్దె ఎప్పటిలాగే చెల్లించగలరు. మీ అడ్వాన్సు 36,000 రూపాయల్లోంచి అగ్రిమెంటు ప్రకారం పెయింటింగ్ ఖర్చు 9,000, చివరి కరెంటు బిల్లు మినహాయించి మిగిలింది తాళాలు ఇచ్చిన రోజే మీకు చెల్లిస్తాను.

ఇన్నాళ్లూ ఇంటిని మీ సొంతింటిలా చూసుకున్నారు, కృతజ్ఞతలు. కొత్త ఇల్లు వెతకడంలో మా వల్ల అయ్యే సాయం చేస్తాం.

ఇట్లు,
(ఇంటి యజమానురాలి సంతకం)

అంతే, ఒక పేజీ. ఇందులో చట్టపరంగా పని చేసేది ఒకటే వాక్యం: “మీ నెలవారీ అద్దెను 31 మే 2026తో ముగిస్తున్నాను.” మర్యాద కోసం చాలామంది దీన్నే మెత్తబరుస్తారు. “వీలు చూసుకుని ఖాళీ చేస్తే బాగుంటుంది”, “సాధ్యమైనంత త్వరగా” అని రాస్తారు. అలా రాస్తే అది విన్నపంగా మిగులుతుంది, అద్దె ముగియదు. ముగిస్తున్నామన్న మాట, తేదీ రెండూ ఉండాలి. మర్యాదను మిగతా వాక్యాల్లో ఎంతైనా చూపించవచ్చు.

అలాగని ప్రతి అక్షరానికీ భయపడనక్కర్లేదు. 1977లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో అక్టోబరు నెలలోపు ఖాళీ చేయమని నోటీసు ఇచ్చారు. “నెలలోపు అన్నారంటే నెల పూర్తిగా ముగియకముందే వెళ్లమన్నట్టు, కాబట్టి నోటీసు చెల్లదు” అని అద్దెదారు వాదన. కోర్టు ఒప్పుకోలేదు. నోటీసును తప్పులు వెతికే కళ్లతో కాకుండా మామూలు ఇంగితంతో చదవాలని చెప్పింది. ఉద్దేశం, తేదీ తెలిసేలా ఉంటే మామూలు తెలుగులో చేత్తో రాసినా సరిపోతుంది.

మరి కొడుకు సంగతి? ఉత్తరంలో అందరి కళ్లూ పడేది ఆ వాక్యం మీదే. విచిత్రమేమిటంటే కాప్రా ఇంటి విషయంలో చట్టానికి ఆ వాక్యంతో పనే లేదు. నెలవారీ అద్దెను ముగించడానికి సెక్షన్ 106 ఏ కారణమూ అడగదు. కారణం రాసేది అవతలివారు మనుషులు కాబట్టి. “మమ్మల్ని పంపించి ఎక్కువ అద్దెకు ఇచ్చుకుంటారేమో” అన్న అనుమానం ప్రతి అద్దెదారుకూ వస్తుంది. ఒక వాక్యంలో నిజం చెబితే ఆ అనుమానం చాలావరకు పోతుంది. కొడుకు రాక గురించి రాస్తూనే మేకులు కొట్టారనీ నీళ్లు వృథా చేశారనీ పాత ఫిర్యాదులు కూడా కలిపితే అసలు కారణం ఏదో అర్థం కాక గొడవ మొదలవుతుంది. ఇక ఉత్తరం ఇచ్చిన వారానికే ఇంకెవరికో పై పోర్షను చూపించడం కంటే పెద్ద పొరపాటు లేదు.

కారణానికి నిజంగా బరువుండే ఇళ్లూ ఉన్నాయి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం తెలంగాణలో పాత ఇళ్లకు ఇంకా వర్తిస్తుంది. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500, ఇతర ప్రాంతాల్లో 2,000 రూపాయలు మించిన అద్దె ఇళ్లు దాని పరిధిలోంచి బయటికి వచ్చాయి. కాప్రా ఇల్లు 18,000 కాబట్టి దానికి ఆ చట్టంతో సంబంధం లేదు. కానీ పాతబస్తీలోనో ఏదైనా పాత మున్సిపాలిటీలోనో పది పదిహేనేళ్లుగా పదిహేను వందల అద్దెకు ఉంటున్నవారి విషయం వేరు. అక్కడ ఉత్తరం ఒక్కటే చాలదు. ఓనరు రెంట్ కంట్రోలర్ ముందు పిటిషన్ వేసి, ఇల్లు తన సొంత వాడకానికి నిజంగానే అవసరమని రుజువు చేయాలి.

కొడుకు అవసరం తండ్రి సొంత అవసరం అవుతుందా అన్న ప్రశ్న అక్కడే వస్తుంది. పంజాబ్ అద్దె చట్టం కింద జోగిందర్ పాల్ కేసులో 2002లో సుప్రీంకోర్టు దీనికి సూటిగా జవాబు చెప్పింది. చార్టర్డ్ అకౌంటెంట్ అయిన కొడుకు ఆఫీసు కోసం ఓనరు తన భవనం కావాలన్నాడు. “సొంత వాడకం” అంటే ఓనరు తానొక్కడే వాడుకోవడం కాదు, మన సమాజంలో తన మీద ఆధారపడిన, తాను బాధ్యత పడే కుటుంబసభ్యుల అవసరమూ అందులో భాగమే అని కోర్టు అంది. ఇలాంటి పిటిషన్‌లో రుజువు కావాలి. కొడుకు విమానం టికెట్టు, అక్కడి ఉద్యోగం వదిలిన ఉత్తరం, మనవడికి ఇక్కడి బడిలో కట్టిన ఫీజు రసీదు పనికొస్తాయి. ఈ చట్టంలో అద్దెదారుకు ఒక రక్షణా ఉంది. ఖాళీ చేయించుకున్న ఓనరు చెప్పినట్టు అందులో దిగకపోతే ఇల్లు తిరిగి ఇప్పించమని కోరవచ్చు.

కాప్రాకు తిరిగి వద్దాం. ఉత్తరం రాశారు, సంతకం ఎవరిది? ఆయనకు చేతిరాత బాగుంటుందని ఆయన రాసి ఆయనే సంతకం పెట్టేస్తే చిక్కే, ఇల్లు ఆవిడ పేరు మీద ఉంది కాబట్టి. నోటీసు ఇచ్చేవారి సంతకమో, వారి తరఫున అధికారం ఉన్నవారి సంతకమో ఉండాలి. ఇల్లు అమెరికాలోని కొడుకు పేరే మీద ఉంటే, తల్లిదండ్రులు అతని పవర్ ఆఫ్ అటార్నీతో సంతకం చేయాలి. అవతలి వైపు కూడా అంతే. అగ్రిమెంటు అద్దెదారు భార్య పేరుతో ఉంటే ఉత్తరం ఆమెకే రాయాలి.

అందజేయడానికి చట్టం చెప్పిన దారులు ఇవి. తపాలాలో పంపవచ్చు, చేతికి ఇవ్వవచ్చు, ఆయన లేకపోతే ఇంట్లోని కుటుంబసభ్యులకో పనివాళ్లకో ఇవ్వవచ్చు, ఏదీ కుదరకపోతే ఇంటికి కనబడేచోట అతికించవచ్చు. వాట్సాప్ ఈ జాబితాలో లేదు. వాట్సాప్‌లో పంపండి, తప్పేం లేదు, కానీ దాని మీదే ఆధారపడొద్దు. ఒకే గేటులో ఉన్నారు కాబట్టి పైకి వెళ్లి చేతికిచ్చి, రెండో ప్రతి మీద “అందింది” అని తేదీతో సంతకం తీసుకోవడం అన్నిటికంటే తేలిక. సంతకం పెట్టడానికి వెనకాడితే స్పీడ్ పోస్టు చేయండి. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును అందులోనే కలిపేసింది. రసీదు, ట్రాకింగ్‌లో వచ్చే డెలివరీ వివరం రెండూ దాచుకోవాలి. సరైన చిరునామాకు పంపిన ఉత్తరాన్ని “తీసుకోను” అని తిప్పి పంపినా అందినట్టే కోర్టులు భావిస్తాయి. కవరు వెనక్కి వస్తే చించకుండా అలాగే ఉంచండి.

అసలు పొరపాట్లు ఉత్తరం అందాక జరుగుతాయి. మే 31 వచ్చింది అనుకుందాం. పైనున్నాయన కిందికి దిగి, “అంకుల్, దొరికిన ఇల్లు జూన్ పదిహేనుకు గానీ ఖాళీ కాదట, అప్పటిదాకా ఉండనివ్వండి” అంటాడు. ఓనరు సరేనంటాడు, అనాలి కూడా. జూన్ ఐదున అలవాటుగా 18,000 ఖాతాలో పడుతుంది. ఎవరూ ఏమీ అనరు. పదిహేనున ఆ కొత్త ఇల్లు తప్పిపోతుంది. జూలై ఐదున మరో 18,000.

చట్టంలోని సెక్షన్ 113 ప్రకారం, నోటీసు గడువు ముగిశాక వచ్చిన నెలకు అద్దె తీసుకుంటే, నోటీసును ఓనరే వదులుకున్నట్టు వాదించే వీలుంది. అద్దె తీసుకున్నంత మాత్రాన వదులుకున్నట్టు కాదు, అద్దెను కొనసాగించే ఉద్దేశం కనబడాలి అని 2006లో సరూప్ సింగ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది నిజమే. కానీ ఆ ఉద్దేశం ఉందో లేదో తేల్చుకోవడానికే కోర్టులో ఏళ్లు పడతాయి. డబ్బు ఫోన్ ద్వారా దానంతటదే ఖాతాలో పడే ఈ రోజుల్లో తిప్పి పంపకపోతే తీసుకున్నట్టే కనబడుతుంది.

కాబట్టి జూన్ 15 వరకు ఆగుతామన్న రోజే మూడు వాక్యాల కాగితం రాసుకోవాలి. మార్చి 30 నోటీసు అలాగే అమల్లో ఉంది, అద్దె మే 31తో ముగిసింది. మీ కోరిక మీద జూన్ 15 వరకు మాత్రమే ఉండనిస్తున్నాం. ఈ పదిహేను రోజులకు ఇచ్చే 9,000 రూపాయలు ఇంటిని వాడుకున్నందుకే తప్ప కొత్త అద్దె కింద కాదు. ఇద్దరూ సంతకం చేయాలి. ఖాతాలో అదనంగా డబ్బు పడితే అదే రోజు తిప్పి పంపాలి, లేదా వాడకం కింద తీసుకున్నామని మెసేజ్ పెట్టాలి. కోపంతో ఇంకో నోటీసు ఇవ్వడమూ ప్రమాదమే. రెండోది ఇస్తే మొదటిదాన్ని వదిలేసినట్టు చదివే అవకాశం ఉంది. ఇవ్వాల్సివస్తే మొదటిది వదులుకోకుండానే ఇస్తున్నామని రాయాలి.

అడ్వాన్సు దగ్గర మరో గొడవ పొంచి ఉంటుంది. “చివరి రెండు నెలలు అడ్వాన్సులోంచి పట్టుకోండి” అని అద్దె ఆపేయడం హైదరాబాద్‌లో అందరూ చేసే పనే. ఓనరు డబ్బు తిరిగి ఇస్తాడన్న నమ్మకం లేకనే అలా చేస్తారు. ఉత్తరంలోనే లెక్క రాసింది అందుకు. కాప్రా ఇంట్లో తాళాలు ఇచ్చే రోజు మీటరు రీడింగు ఇద్దరూ చూసి ఫోటో తీసుకున్నారు, బిల్లు 1,140 అని తేలింది. 36,000లోంచి పెయింటింగ్ 9,000, బిల్లు 1,140 పోగా 25,860 రూపాయలు. తాళాలు ఒక చేత్తో తీసుకుని ఆ డబ్బు ఇంకో చేత్తో పంపాలి. ఇల్లు ఖాళీ చేసి అప్పగించామని, లెక్క తీరిందని ఇద్దరూ ఒక కాగితం మీద సంతకం చేయాలి. అగ్రిమెంటులో పెయింటింగ్ మాట లేకపోతే అది పట్టుకునే హక్కు ఓనరుకు ఆటోమేటిగ్గా రాదు. అద్దెకున్నవారు ఆ వాక్యం కోసం తమ ప్రతి వెతికి చూసుకోవాలి.

ఎంత చెప్పినా కదలకపోతే? నీళ్లు ఆపడం, కరెంటు తీసేయడం, ఊరికి వెళ్లినప్పుడు తాళం మార్చేయడం మాత్రం చేయకూడదు. అద్దె ముగిసినా సరే, ఇంట్లో ఉన్న మనిషిని కోర్టు ద్వారా తప్ప బయటికి పంపే అధికారం ఓనరుకు లేదు. అలా బలవంతంగా గెంటేస్తే, అద్దెదారు ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని సెక్షన్ 6 చెబుతోంది. ఆ దావాలో ఇల్లు ఎవరిది అన్నది చూడరు, ఎవరిని ఎలా వెళ్లగొట్టారన్నదే చూస్తారు. ఓనరు చేయాల్సింది సివిల్ కోర్టులో ఖాళీ చేయించమని దావా వేయడం, గడువు దాటాక ఉన్న ప్రతి నెలకూ పరిహారం అడగడం. అద్దె ముగిశాక ఇంటిని పట్టుకుని కూర్చున్నవారు పాత అద్దె కాకుండా మార్కెట్ ధర కట్టాల్సి రావచ్చు. అద్దెకున్నవారు దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఒక మాట. మీ రాష్ట్రం నివాస, నివాసేతర అద్దెల కోసం 2017లో వేరే చట్టం చేసుకుంది. పైన చెప్పిన గడువులు, దారులు మీ ఇంటికి అలాగే వర్తిస్తాయని అనుకోకండి. ఉత్తరం పంపేముందు మీ అగ్రిమెంటు ప్రతి తీసుకుని స్థానిక న్యాయవాదికి ఒకసారి చూపించండి.